బిలిరుబిన్ కొంచెం ఎక్కువ, ఎంజైమ్స్ అన్నీ నార్మల్: ఇలాంటి రిపోర్ట్ వస్తే ఏం చేయాలి

జ్వరం వచ్చి నాలుగు రోజులు సరిగ్గా తిండి లేదు, ఐదో రోజు రక్తం ఇస్తే బిలిరుబిన్ 2.9 అని వచ్చింది, అంకె పక్కన ఒక స్టార్ గుర్తు, ఇంట్లో అమ్మ చూసి "కామెర్లు" అని కూలబడింది, పక్కింటాయన పసరు మందు ఎక్కడ పోస్తారో అడ్రస్ కూడా చెప్పేశాడు. దిల్‌సుఖ్‌నగర్ వైపు నా క్లినిక్‌కి ఇలా వచ్చే పిల్లల్ని ప్రతి వానాకాలం చూస్తుంటా, ఎక్కువగా ఇరవై, ఇరవై ఐదు ఏళ్ల అబ్బాయిలు, హాస్టల్లో ఉండేవాళ్లు, రిపోర్ట్ చేతిలో పెట్టుకుని లివర్ పోయిందేమో అన్న మొహంతో వస్తారు. వాళ్లలో చాలామందికి ఉండేది గిల్బర్ట్ సిండ్రోమ్. పేరు వింటే భయంగా ఉంటది గానీ ఇది రోగం కన్నా పుట్టుకతో వచ్చిన ఒక తీరు అనుకోవచ్చు, పారిస్‌లో అగస్టీన్ గిల్బర్ట్ అనే డాక్టర్ 1901లో దీని గురించి రాశాడు కాబట్టి ఆ పేరు. దీనికి మందు అక్కర్లేదు. కానీ మీకున్నది ఇదేనా, వేరే ఏదన్నానా అని తేల్చుకోవడానికి ఒక వరస ఉంది, అది చెప్తా.

ముందు లోపల జరిగేది ఏంటో రెండు మాటల్లో. మన ఎర్ర రక్తకణం నాలుగు నెలలు బతుకుతుంది, అది చచ్చాక దాన్లోని ఎర్ర రంగు పదార్థం విరిగి పసుపు రంగు బిలిరుబిన్ అవుతుంది. ఇది నీళ్లలో కరగదు. లివర్ దీనికి ఒక చక్కెర లాంటి ముక్క తగిలించి నీళ్లలో కరిగేలా చేసి పైత్యంలోకి, అక్కడ్నుంచి పేగుల్లోకి పంపుతుంది. ఆ ముక్క తగిలించే ఎంజైమ్ పేరు యూజీటీ1ఏ1, గిల్బర్ట్ ఉన్నవాళ్లలో అది మామూలు మనిషికి ఉండేదాంట్లో మూడో వంతు దాకానే పనిచేస్తది. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ గేట్ ఊహించుకోండి, పది బూత్‌లలో మూడే తెరిచారు. మామూలు మంగళవారం రోజు ఏ ఇబ్బందీ లేదు, బండ్లు కొంచెం నిదానంగా పోతాయి అంతే. అదే సంక్రాంతి ముందురోజు అయితే లైను కిలోమీటర్లు. టోల్ గేట్ పాడవ్వలేదు, రోడ్డు పాడవ్వలేదు, బండ్లు ఆగాయి. ఉపవాసం, జ్వరం, నిద్రలేని రాత్రులు, నీళ్లు తాగకుండా ఎండలో ఆటలు, ఇవన్నీ ఆ సంక్రాంతి రోజులు.

ఇప్పుడు రిపోర్ట్ తీయండి. మొదటి పని: టోటల్ అన్న అంకె ఒక్కటే చూసి ఆగిపోకండి, దాని కింద డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అని రెండుంటాయి. లివర్ ముక్క తగిలించేసినది డైరెక్ట్, ఇంకా తగిలించనిది ఇన్‌డైరెక్ట్. డైరెక్ట్‌ని టోటల్‌తో భాగించండి. నేను చెప్పబోయే అబ్బాయికి టోటల్ 2.9, డైరెక్ట్ 0.4, అంటే వందలో 14 వంతులు. ఇరవై లోపు ఉంటే పెరిగినదంతా ఇన్‌డైరెక్టే అని అర్థం, గిల్బర్ట్‌లో ఉండేది ఇదే. సగం డైరెక్టే అయితే ఇక్కడితో చదవడం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఈ వ్యాసం మీది కాదు.

తర్వాత అదే కాగితంలో లివర్ ఎంజైమ్స్ చూడండి, అంటే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. మూడూ ఆ ల్యాబ్ వాళ్లు పక్కన వేసిన హద్దుల్లోపలే ఉండాలి. ఇక్కడ చాలామందికి ఒక డౌటు వస్తది, "ఇప్పుడు నార్మల్ ఉంది సరే, కామెర్లు మొదట్లోనే ఉన్నాయేమో, రేపు పెరుగుతాయేమో" అని. హోటల్ నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ లాంటి వాటిల్లో ఎంజైమ్స్ ముందు లేస్తాయి, వందల్లోకి, వేలల్లోకి పోతాయి, కళ్లు పచ్చబడేది ఆ తర్వాత. కాబట్టి కళ్లు పచ్చగా ఉన్న రోజున ఎస్‌జీపీటీ 24 ఉందంటే ఆ వైరస్ కామెర్లు అయ్యే అవకాశం చాలా తక్కువ. డెంగ్యూలో కూడా ఎస్‌జీఓటీ పెరగడం మామూలే, కాబట్టి జ్వరం ఇంకా ఉంటే డెంగ్యూ, మలేరియా టెస్టులు వాటి పాటికి అవి చేయించుకోవాల్సిందే, గిల్బర్ట్ ఉంది కదా అని జ్వరాన్ని వదిలేయకూడదు.

రెండో పని, నాకు బాగా ముఖ్యమనిపించేది: రక్తం ఇచ్చే ముందు మూడు రోజులు మీరు ఏం తిన్నారో ఒక కాగితం మీద రాయండి. ఊరికే "తిన్నాను సార్" కాదు, పూట పూటకీ. ఆ అబ్బాయి నా ముందు కూర్చుని రాసింది ఇట్లా ఉంది: మొదటి రోజు పొద్దున రెండు ఇడ్లీ, వాంతి అయింది. మధ్యాహ్నం ఏం లేదు. రాత్రి జావ సగం గ్లాసు. రెండో రోజు కొబ్బరి బొండం, బ్రెడ్డు రెండు ముక్కలు. మూడో రోజు జావ, బత్తాయి రసం. లెక్కేస్తే రోజుకి నాలుగైదు వందల క్యాలరీలు కూడా లేవు. పాత రోజుల్లో ఈ గిల్బర్ట్‌ని పట్టుకోవడానికి డాక్టర్లు కావాలనే ఇదే పని చేయించేవాళ్లు, రెండు రోజులు రోజుకి 400 క్యాలరీలే తినమని చెప్పి బిలిరుబిన్ రెట్టింపు, అంతకన్నా ఎక్కువ అయితదా లేదా అని చూసేవాళ్లు. ఇప్పుడు ఆ టెస్టు అక్కర్లేదు, జ్వరం వచ్చిన హాస్టల్ పిల్లాడికి అది దానంతటదే జరిగిపోతుంది.

మూడో పని రక్తకణాలు మామూలు కన్నా ఎక్కువ చస్తున్నాయేమో చూడటం. ఇది వదిలేయొద్దు. ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరగడానికి రెండే పెద్ద దారులు, ఒకటి బూత్‌లు తక్కువ తెరిచి ఉండటం, రెండోది బండ్లే లెక్కకు మించి రావడం. రెండోదాన్ని పట్టుకోవడానికి సీబీపీ, పెరిఫెరల్ స్మియర్, కొత్తగా పుట్టిన ఎర్రకణాల్ని లెక్కపెట్టే రెటిక్యులోసైట్ కౌంట్, ఎల్‌డీహెచ్, ఈ రక్త పరీక్షలు చాలు. హీమోగ్లోబిన్ తగ్గి, రెటిక్ పెరిగి, ఎల్‌డీహెచ్ పెరిగితే కణాలు పగిలిపోతున్నట్టు. మలేరియాలో ఇట్లా అవ్వొచ్చు, పుట్టుకతో జీ6పీడీ ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్లకి కొన్ని మందులకి అవ్వొచ్చు. ఒక చిన్న మెలిక ఉంది, కణాలు పగిలిన వెంటనే జీ6పీడీ టెస్టు చేస్తే నార్మల్ అని తప్పుగా రావొచ్చు, ఎందుకంటే పాత కణాలు పోయి ఎంజైమ్ బాగా ఉన్న కొత్త కణాలే మిగులుతాయి, అందుకే అనుమానం గట్టిగా ఉంటే రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయిస్తారు. మన అబ్బాయికి హీమోగ్లోబిన్ 15.1, రెటిక్ 1.1 శాతం, ఎల్‌డీహెచ్ నార్మల్, మలేరియా లేదు, డెంగ్యూ లేదు. అంటే బండ్లు మామూలుగానే వస్తున్నాయి.

నాలుగోది మూత్రం. దీన్ని మీరే ఇంట్లో చూడొచ్చు. పొద్దున లేచాక వచ్చే మొదటి మూత్రం వద్దు, అది ఎవరికైనా ముదురుగానే ఉంటది. రెండు మూడు గ్లాసుల నీళ్లు తాగి గంట రెండు గంటలు ఆగి, వాడి పారేసే పారదర్శకమైన గ్లాసులో పట్టి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూడండి. గిల్బర్ట్‌లో పెరిగే బిలిరుబిన్ నీళ్లలో కరగనిది కాబట్టి అది మూత్రంలోకి దిగదు, నీళ్లు తాగాక రంగు తేలికగా అయిపోవాలి. నీళ్లు తాగినా డికాక్షన్ లాగా, ఆవనూనె లాగా ముదురుగానే ఉండి ఊపితే నురగ కూడా పసుపుగా వస్తే అది డైరెక్ట్ బిలిరుబిన్ అయ్యుండొచ్చు, ల్యాబ్‌లో మూత్రానికి స్ట్రిప్ టెస్ట్ చేయిస్తే బిలిరుబిన్ ఉందా లేదా అని తేలిపోతుంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: జ్వరానికి డాక్టర్ బీ కాంప్లెక్స్ రాస్తాడు, అది వేసుకుంటే మూత్రం మెరిసే పచ్చ పసుపు రంగులో వస్తది, దాన్ని చూసి కామెర్లు ముదిరాయని అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. ఆ మాత్ర ఒక రోజు ఆపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇక ఐదో పని, దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే మన ఇళ్లలో సరిగ్గా ఇక్కడే తప్పుతుంది.

ఆ అబ్బాయిని మొదట చూసింది నేను కాదు. జ్వరం తగ్గాక రిపోర్ట్ చూసి ఇంటివాళ్లు ఊరికి తీసుకెళ్లి పసరు పోయించారు, పథ్యం పెట్టారు. పథ్యం అంటే తెలుసుగా, నూనె బంద్, నెయ్యి బంద్, పప్పు వద్దు, పసుపు వద్దు, చప్పిడి అన్నం మజ్జిగ. మూడు వారాలు అట్లనే. తర్వాత మళ్లీ టెస్టు, ముందురోజు రాత్రి ఏడింటికి ఇంత మజ్జిగన్నం తిని పొద్దున తొమ్మిదింటికి ఖాళీ కడుపుతో రక్తం ఇచ్చాడు. టోటల్ 2.6. అప్పుడు నా దగ్గరికి వచ్చారు. వాళ్లమ్మ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది, "సార్, పసుపు సుత ఎయ్యట్లే, నూనె సుక్క తాకనిస్తలే, అయినా పచ్చగనే ఉంటున్నడు, ఇంకేం బంద్ చెయ్యాలె సార్?" పిల్లాడు నాలుగు కిలోలు తగ్గాడు, బెల్టుకి కొత్త రంధ్రం పొడిచి పెట్టుకున్నాడు.

బంద్ చేయడమే సమస్య అమ్మా అన్నా నేను. గిల్బర్ట్ ఉన్నవాళ్లలో తిండి తగ్గితే బిలిరుబిన్ పెరుగుతుంది, అది కాక క్యాలరీలు సరిపడా ఉన్నా కొవ్వు పూర్తిగా తీసేస్తే కూడా పెరుగుతుంది, దీన్ని పరీక్ష చేసి చూపించారు. కడుపులో తిండి లేనప్పుడు పేగులు నెమ్మదిస్తాయి, పేగుల్లోకి పోయిన బిలిరుబిన్‌లో కొంత తిరిగి రక్తంలోకి వస్తుంది, ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు దాన్లో దాక్కున్నది కూడా బయటికొస్తది. అంటే కామెర్లని తగ్గించాలని పెట్టిన పథ్యమే ఆ అంకెని కిందికి దిగనివ్వలేదు. కామెర్లు తగ్గట్లేదని పథ్యం ఇంకా గట్టిగా చేస్తారు, ఇంకా గట్టిగా చేస్తే ఇంకా తగ్గదు. ఆ తల్లి చేసింది ప్రేమతోనే, కానీ మూడు వారాలు ఆ పిల్లాడు ఉత్త పుణ్యానికి మాడాడు. పసుపు సంగతి కూడా చెప్పా, కూరలో వేసే పసుపుకీ కంట్లో కనపడే పసుపుకీ సంబంధం లేదు, రంగు ఒకటే.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. జ్వరం పూర్తిగా తగ్గి రెండు మూడు వారాలు అయ్యాక, వరసగా నాలుగైదు రోజులు మీ ఇంట్లో మామూలుగా తినే తిండి మూడు పూటలా తినండి, పప్పు, నెయ్యి, గుడ్డు, ఏది అలవాటుంటే అది. రాత్రి నిద్ర పాడుచేసుకోకండి, నైట్ షిఫ్ట్ ఉంటే అది అయిపోయిన వారం చూసుకోండి. టెస్టు రోజు పొద్దున టిఫిన్ తినేసి వెళ్లండి, లివర్ టెస్టుకి ఖాళీ కడుపు అక్కర్లేదు, షుగర్‌కీ కొలెస్ట్రాల్‌కీ అడిగేది దీనికి కూడా అంటగడతారు, హెల్త్ ప్యాకేజీల్లో అన్నీ ఒకే సూదికి తీస్తారు కాబట్టి పన్నెండు గంటలు మాడ్చి తీస్తారు, గిల్బర్ట్ ఉన్నవాళ్లకి ఆ అంకె ఎక్కువ రావొచ్చు. ముందురోజు జిమ్‌లో ఒళ్లు హూనం చేసుకోకండి, కండరాలు అలిసినా ఎస్‌జీఓటీ పెరుగుతుంది, అది ఇంకో కొత్త భయం.

ఆ అబ్బాయి ఐదు రోజులు తిన్నాడు. వాళ్లమ్మ మొదటి రోజు భయం భయంగా పప్పులో నెయ్యి వేసిందంట, మూడో రోజుకి కోడికూర కూడా వండింది. ఆరో రోజు ఉప్మా తిని పదకొండింటికి రక్తం ఇచ్చాడు. టోటల్ 1.3, డైరెక్ట్ 0.2, ఎంజైమ్స్ ఎప్పటిలాగే. మందు లేదు, పసరు లేదు, లివర్ టానిక్ లేదు. జ్వరంలో 2.9, పథ్యంలో 2.6, తిన్నాక 1.3, ఆ మూడు అంకెలు ఒక కాగితం మీద వరసగా రాసిచ్చా, దాంతోనే ఆమెకి నమ్మకం కుదిరింది. ఆర్నెల్లకి ఇంకోసారి చేయించాం, అదే తీరు, ఇక ఊరికే మళ్లీ మళ్లీ చేయించొద్దని చెప్పేశా. జీన్ టెస్టు కూడా ఉంటుంది గానీ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు దానికి డబ్బులు తగలేయక్కర్లేదు.

అయితే ఎక్కడ గిల్బర్ట్ అనుకోకూడదో కూడా తెలియాలి. ఈ పేరు ఒకసారి తగిలించుకుంటే తర్వాత ఏది వచ్చినా "నాకది ఉందిలే" అని వదిలేసే ప్రమాదం ఉంది. గిల్బర్ట్‌లో టోటల్ మామూలుగా 3 లోపే ఉంటుంది, బాగా ఉపవాసం ఉన్నప్పుడు 4 దాకా, ఒక్కోసారి ఇంకొంచెం పైకి పోవచ్చు, 6 దాటితే వేరేది వెతకాల్సిందే. దురద ఉండదు. మలం తెల్లగా, సున్నం రంగులో రాదు. బరువు దానంతటదే తగ్గదు. కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి ఉంటే పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయేమో స్కానింగ్ చూస్తారు. జ్వరంతో పాటు మూత్రం తగ్గిపోవడం, మాట తడబడటం, మత్తుగా పడుకోవడం, ఎక్కడన్నా రక్తం కారడం ఉంటే ఎంజైమ్స్ గురించి ఆలోచిస్తూ కూర్చోకండి, ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లండి. అప్పుడు 2.9 అయినా 1.9 అయినా లెక్క వేరు.

తేలిపోయాక రోజువారీ జీవితంలో మార్చుకోవాల్సింది చాలా తక్కువ. ఉపవాసాలు ఉండకూడదా అని అడుగుతారు, ఇక్కడ ఒకరు శివరాత్రి గురించి అడుగుతారు, ఒకరు అయ్యప్ప దీక్షలో ఒంటిపూట గురించి, పాతబస్తీ నుంచి వచ్చే అబ్బాయి రంజాన్ రోజాల గురించి. ఉండొచ్చు. కళ్లు కాస్త పచ్చబడతాయి, నీరసం కొంచెం ఉండొచ్చు, తింటే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది, లివర్‌కి దెబ్బ తగలదు. రోజా వదిలాక, దీక్షలో భిక్ష తినేటప్పుడు కడుపునిండా తినండి, నీళ్లు బాగా తాగండి, సహరీ మానేయకండి. ఉద్యోగం మెడికల్ టెస్ట్ ఉందంటే మాత్రం ఆ వారం ఉపవాసం పెట్టుకోకండి, పాత రిపోర్టులు మూడూ జిరాక్స్ తీసి వెంట తీసుకెళ్లండి.

పెళ్లి సంబంధం దగ్గర దీన్ని పెద్ద విషయం చేసేవాళ్లని చూశా. వందలో కొంతమందికి ఉండే మామూలు తీరు ఇది, చాలామందికి తమకి ఉందని కూడా తెలియదు, ఆయుష్షు తగ్గదు, అంటుకోదు. సాధారణంగా అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు జీన్ కాపీలూ అట్లా వస్తేనే బయటపడుతుంది. మగపిల్లల్లో ఎక్కువ కనపడుతుంది, అదీ మీసాలొచ్చే వయసు తర్వాత. మీ తమ్ముడికి కూడా ఉండొచ్చు, అతనికి ఎప్పుడన్నా జ్వరంలో కళ్లు పచ్చబడితే ఈ విషయం డాక్టర్‌కి చెప్పాలి. రేపు మీకు బిడ్డ పుట్టి, పుట్టిన వారంలో కామెర్లు ఎక్కువగా ఉంటే పిల్లల డాక్టర్‌కి కూడా నాకు ఇది ఉంది అని ఒక మాట చెప్పండి.

మందుల విషయంలో ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. జ్వరానికి డాక్టర్ చెప్పిన డోసులో పారాసిటమాల్ వేసుకోవచ్చు, లివర్ అని భయపడి జ్వరంతో మూలగక్కర్లేదు. కానీ క్యాన్సర్‌కి వాడే ఇరినోటెకాన్ అనే మందుని బయటికి పంపేది కూడా ఈ ఎంజైమే, గిల్బర్ట్ ఉన్నవాళ్లలో అది ఒంట్లో ఎక్కువసేపు ఉండి తెల్లకణాలు పడిపోవడం, విపరీతమైన విరేచనాలు తేవొచ్చు, డోసు తగ్గించాల్సి రావొచ్చు. హెచ్ఐవీకి వాడే అటజనావిర్ బిలిరుబిన్‌ని బాగా పెంచుతుంది. ఇవి మీకు ఎప్పటికీ అవసరం రాకూడదనే కోరుకుంటా, అయినా ఫోన్‌లో ఒక నోట్ రాసి పెట్టుకోండి, మత్తు ఇచ్చే డాక్టర్‌కి కూడా చూపించొచ్చు: "నాకు గిల్బర్ట్ సిండ్రోమ్ ఉంది. మామూలుగా టోటల్ బిలిరుబిన్ 1.3, జ్వరంలో 2.9 దాకా పెరిగింది. డైరెక్ట్, ఎంజైమ్స్, హీమోగ్లోబిన్ ఎప్పుడూ నార్మల్." అంకెలు మీవి వేసుకోండి.

మొన్న శివరాత్రికి ఆ అబ్బాయి ఉపవాసం, జాగారం రెండూ చేశాడు, తెల్లారి కళ్లు పచ్చగా ఉన్నాయని వాళ్లమ్మ ఫోన్ చేసింది. జ్వరం ఉందా అంటే లేదు, దురద లేదు, నీళ్లు తాగాక మూత్రం తెల్లగానే వస్తోంది. అన్నం తిన్నాడా అన్నా. "ఇప్పుడే పెట్టిన సార్, పప్పుల నెయ్యి ఎక్కువనే ఏశిన" అంది. టెస్టు ఏం వద్దమ్మా, తిని పడుకోమను అని ఫోన్ పెట్టేశా. రెండో రోజు సాయంత్రం కళ్లు తెల్లగా ఉన్న ఫోటో పంపింది.